ఒకే నూనె సీసా, నాలుగు క్యాప్షన్లు: మడతకు ముందు ఏ మాట రావాలి?

ప్రశ్న: మా ఊరి నుంచి చిన్న స్థాయిలో కట్టె గానుగ వేరుశనగ నూనె మొదలుపెడుతున్నాం. ఈ నెల 15న విడుదల. ప్రకటన ఒకటి రాసుకున్నాం. దాన్నే ఇన్‌స్టాగ్రామ్, లింక్డ్‌ఇన్, ఎక్స్, ఫేస్‌బుక్ నాలుగింటిలోనూ పెడదామంటే ఎక్స్ తీసుకోవడం లేదు, ఇన్‌స్టాగ్రామ్‌లో సగంలోనే ఆగిపోతోంది. పెద్దది రాసి ఒక్కోదానికి కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ పోవాలా? దేనికి ఎంత పొడవు ఉండాలి? మా ప్రకటన ఇది:

"ఎన్నో ఏళ్ల మా కలను నిజం చేసుకుంటూ, మన పూర్వీకులు నడిచిన బాటలో, ఆరోగ్యమే మహాభాగ్యం అన్న నమ్మకంతో, స్వచ్ఛమైన, సహజమైన కట్టె గానుగ వేరుశనగ నూనెను మీ ముందుకు తెస్తున్నందుకు ఎంతో గర్విస్తున్నాం. కదిరి ప్రాంత రైతుల దగ్గర నేరుగా కొన్న కాయలతో, లీటరుకు రెండున్నర కిలోల పప్పు వాడి, ఎలాంటి రసాయనాలూ కలపకుండా తయారుచేశాం. ఫిల్టరు చేయకుండా తేర్చిన నూనె. లీటరు సీసా ధర రూ.420. ఈ నెల 15 నుంచి మా వెబ్‌సైటులో, గానుగ దగ్గర దొరుకుతుంది. నెలాఖరు వరకు రవాణా ఉచితం. కొలెస్ట్రాల్ లేని ఈ నూనెను ఆదరిస్తారని ఆశిస్తున్నాం."

సమాధానం:

కత్తిరించుకుంటూ పోవద్దు. పెద్దదాన్ని కత్తిరిస్తే మొదట పోయేవి షరతులు, తేదీలు; చివరిదాకా మిగిలేవి విశేషణాలు. మీకు కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు.

పొడవు సంగతి ముందు తేల్చేద్దాం. ఉచిత ఖాతాకు ఎక్స్ ఇచ్చేది 280 అక్షరాలు. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2,200, లింక్డ్‌ఇన్ పోస్టుకు 3,000, ఫేస్‌బుక్‌కు 63,206. చివరి అంకె చూసి నవ్వుకోవచ్చు, నూనె గురించి అంత పొడుగ్గా ఎవరూ రాయరు. ఎక్స్ తప్ప మిగతా మూడింటిలో ఈ హద్దులు మిమ్మల్ని తాకవు. తాకేది వేరే ఉంది. 'మోర్' అని చూపించి మిగతా పాఠాన్ని దాచేసే చోటు. దాన్ని నేను మడత అంటాను. ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లో అది 125 అక్షరాల దరిదాపుల్లో వస్తుంది. లింక్డ్‌ఇన్‌లో సుమారు మూడు వరుసల తర్వాత, అంటే ఫోనులో 140 దగ్గర, కంప్యూటర్‌లో 210 దగ్గర వస్తుంది. ఫేస్‌బుక్ కొంచెం ఉదారంగా నాలుగైదు వందల దాకా చూపిస్తుంది కానీ, ఫోనులో, వరుసలు ఎక్కువైనప్పుడు, ముందే మూసేస్తుంది. ఈ మడత అంకెలు ఫోనును బట్టి, యాప్ మార్పులను బట్టి కొంత అటూ ఇటూ అవుతుంటాయి కాబట్టి వాటి అంచు దాకా నింపకండి.

ఇప్పుడు మీ ప్రకటనను ఈ కొలతతో చూడండి. మొదటి వాక్యంలో "సహజమైన కట్టె" దాకా వచ్చేసరికి 120 అక్షరాలు అయిపోతాయి. 'గానుగ' పూర్తయ్యేలోపు ఇన్‌స్టాగ్రామ్ మడత పడుతుంది. అంటే ఫీడ్‌లో వెళ్తున్న మనిషికి కల, పూర్వీకులు, మహాభాగ్యం, నమ్మకం కనిపించాయి. మీరు అమ్మేది నూనె అన్న సంగతి కనిపించలేదు. దీన్ని ఎంత కత్తిరించినా బాగుపడదు, ఎందుకంటే లోపం పొడవులో లేదు, చెప్పిన క్రమంలో ఉంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, ఇది తెలియక చాలామంది ఎక్స్ మీద విసుక్కుంటారు. మనం కంటితో లెక్కపెట్టే అక్షరం వేరు, యంత్రం లెక్కపెట్టే అక్షరం వేరు. 'స్వచ్ఛమైన' మన కంటికి నాలుగు అక్షరాలు. యంత్రానికి తొమ్మిది: స, పొల్లు, వ, చ, పొల్లు, ఛ, మ, ఐత్వం, న. ప్రతి గుణింతం, ప్రతి పొల్లు, ప్రతి సున్నా విడిగా లెక్కకు వస్తాయి. 'ఫేస్‌బుక్' వంటి మాటల్లో వత్తు పడకుండా కీబోర్డు వేసే కనబడని గుర్తు కూడా ఒకటిగా లెక్కకు వస్తుంది. ఎమోజీ ఒకటి పెడితే రెండు పోతాయి. అందుకే తెలుగులో 280 అంటే కంటికి కనిపించే అక్షరాల్లో దానికంటే చాలా తక్కువే. మీరు వేళ్లతో లెక్కపెట్టనక్కరలేదు. గూగుల్ షీట్స్‌లో క్యాప్షన్‌ను ఒక గడిలో పెట్టి పక్క గడిలో ఇది రాయండి:

```
=LEN(A2)
```

తెలుగు పాఠానికి ఇది ఇచ్చే అంకె ఎక్స్ లెక్కతో సరిపోతుంది. ఒక్క లింకు విషయంలోనే తేడా: లింకు ఎంత పొడవున్నా ఎక్స్ దాన్ని 23గానే లెక్కిస్తుంది. కాబట్టి లింకు లేకుండా పాఠాన్ని కొలిచి, లింకుకు 23, దాని ముందున్న ఖాళీకి 1 కలుపుకోండి.

ఇక పని మొదలుపెట్టే పద్ధతి. మీ ప్రకటనను పక్కన పెట్టి, అందులో ఉన్న నిజాలను విడివిడిగా కాగితం మీదకు దించండి. నాకు కనిపించినవి ఇవి: కట్టె గానుగలో ఆడించినది, కదిరి రైతుల దగ్గర కొన్న కాయలు, లీటరుకు రెండున్నర కిలోల పప్పు, ఫిల్టరు లేకుండా తేర్చినది, రూ.420, 15వ తేదీ, నెలాఖరు దాకా రవాణా ఉచితం, దొరికే చోట్లు. గర్వం, కల, ఆశ ఈ జాబితాలోకి రావు. 'రసాయనాలు లేవు' అన్నదాన్ని కూడా నేను తీసేసి, 'రిఫైన్ చేయలేదు, వేరే నూనె కలపలేదు' అని రాస్తాను. మొదటిది ఎవరైనా అనే మాట, రెండోది మీరు నిలబడి రుజువు చేయగల మాట. కొలెస్ట్రాల్ ముక్క అయితే పూర్తిగా కొట్టేయండి. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. అది మీ సీసాకే ప్రత్యేకం అన్నట్టు రాస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు, ఆహార ప్రకటనల నిబంధనల ప్రకారమూ చిక్కే.

ఈ జాబితాతో మొదట ఎక్స్ క్యాప్షన్ రాయండి. చిన్నది కదా, చివర్లో చూసుకుందాం అనుకుంటారు చాలామంది. నేను దాన్నే ముందు రాయిస్తాను. 280లో ఏది ఉండాలో తేల్చుకోక తప్పదు కాబట్టి, అక్కడ నిలిచిన నిజాలే మిగతా మూడింటికీ వెన్నెముక అవుతాయి. మీ నూనెకు ఇలా రాస్తాను:

> కట్టె గానుగలో ఆడించిన వేరుశనగ నూనె ఈ నెల 15 నుంచి అమ్మకానికి. కదిరి రైతుల దగ్గర కొన్న కాయలు, లీటరుకు రెండున్నర కిలోల పప్పు. వేరే నూనె కలపలేదు, రిఫైన్ చేయలేదు. లీటరు సీసా రూ.420, నెలాఖరులోపు ఆర్డర్లకు రవాణా ఉచితం.

ఇది 212. ఖాళీ, లింకు కలిపితే 236. ఇంకా 44 మిగిలాయి. వాటిని నింపాలని చూడకండి. హ్యాష్‌ట్యాగ్ పెట్టాలనిపిస్తే ఒకటి చాలు, దానికి చోటుంది. బాగా ఇరుకైనప్పుడు 'రెండున్నర' బదులు '2.5' అని వేస్తే ఆరు అక్షరాలు మిగులుతాయి. ఇక్కడ ఆ అవసరం రాలేదు, చదవడానికి మాట బాగుంటుంది కాబట్టి మాటే ఉంచాను.

ఎక్స్ పోస్టుకు ముందూ వెనుకా ఏమీ ఉండదు. ఎవరో మళ్లీ పోస్టు చేస్తారు, మీ పేరు ఎప్పుడూ వినని మనిషి చూస్తాడు. అతనికి అక్కడ ఉన్నదే మొత్తం. కాబట్టి ఏమిటి, ఎప్పుడు, ఎంత, ఎక్కడ అన్న నాలుగూ అందులోనే ఉండాలి. డబ్బు కట్టే ప్రీమియం ఖాతా ఉంటే పొడుగ్గా రాయవచ్చు కానీ, టైమ్‌లైన్‌లో మొదటి 280 దగ్గర అదీ మడత పడుతుంది. అందుకని మీకు ప్రీమియం ఉన్నా ఈ 236నే పెడతాను.

ఇన్‌స్టాగ్రామ్‌కు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. అక్కడ క్యాప్షన్ కంటే ముందు బొమ్మ కంట్లో పడుతుంది. సీసా, లేబులు, బంగారు రంగు నూనె అన్నీ చూశాక మనిషి కిందికి వస్తాడు. అప్పుడు మళ్లీ 'కట్టె గానుగ వేరుశనగ నూనె' అని మొదలుపెడితే లేబులు మీద చదివినదాన్నే ఇంకోసారి చదివించినట్టు. మొదటి వరుసలో బొమ్మ చెప్పలేనిది చెప్పండి. మీ నూనె విషయంలో అది నాకు వెంటనే దొరికింది. తేర్చిన నూనె కాబట్టి సీసా అడుగున కొద్దిగా మడ్డి ఉంటుంది. ఫొటోలో అది కనిపిస్తుంది, చూసినవాళ్లు అనుమానపడతారు. దాన్ని దాచేలా ఫొటో తీయకుండా, క్యాప్షన్ అక్కడి నుంచే మొదలుపెట్టండి:

> అడుగున కనిపించేది మడ్డి, మురికి కాదు. ఫిల్టరు పెట్టకుండా తేర్చిన గానుగ నూనెలో అది ఉంటుంది. 15 నుంచి అమ్మకానికి.
>
> లీటరుకు రెండున్నర కిలోల పప్పు పట్టింది. కాయలు కదిరి రైతుల దగ్గర కొన్నాం. వేరే నూనె కలపలేదు, రిఫైన్ చేయలేదు.
>
> లీటరు రూ.420. నెలాఖరులోపు ఆర్డర్లకు రవాణా ఉచితం. ఆర్డర్ లింకు మా ప్రొఫైల్‌లో ఉంది.

మొదటి పేరా 111 అక్షరాలు. 125 అన్నాను కదా, ఇంకా 14 ఉన్నాయి అనిపించవచ్చు. ఉన్నాయనుకోకండి. ఫీడ్‌లో క్యాప్షన్ మొదటి వరుస మీ ఖాతా పేరుతోనే మొదలవుతుంది, ఆ పేరు పొడుగైతే మీ మాటలకు చోటు అంత తగ్గుతుంది. పైగా యాప్ చూసేది అక్షరాలను మాత్రమే కాదు, వరుసలను కూడా. తెలుగు మాటలు పొడుగైనవి, వరుసకు నాలుగైదు పట్టడం కష్టం. అందుకే మడత కాస్త ముందు పడినా నష్టం లేకుండా, మొదటి వాక్యం ఒక్కటే మిగిలినా అర్థం నిలిచేలా రాశాను. "అడుగున కనిపించేది మడ్డి, మురికి కాదు" దగ్గర ఆగిపోయినా, బొమ్మ చూసిన మనిషికి అది పూర్తి మాటే. ఇదే వీడియోగా రీల్స్‌లో పెడితే క్యాప్షన్ సుమారు ఒక్క వరుసే కనిపిస్తుంది. అప్పుడు తేదీ, ధర వీడియో మీదే అక్షరాల్లో వేయాలి.

క్యాప్షన్‌లో వెబ్‌సైటు చిరునామా పెట్టి వదిలేయడం ఇన్‌స్టాగ్రామ్‌లో పనికిరాదు. అక్కడ అది నొక్కితే తెరుచుకోదు, కాపీ చేసుకోవడమూ ఇబ్బందే. లింకు ప్రొఫైల్‌లో పెట్టి ఆ సంగతి చెప్పండి. స్టోరీలో పెడితే లింకు స్టిక్కర్ వాడుకోండి. ధర విషయంలో నాకో పట్టుదల ఉంది. 'ధరకు మెసేజ్ చేయండి' అని రాసే అలవాటు నాకు నచ్చదు. నూనె ధర తెలుసుకోవడానికి పరిచయం లేని మనిషితో మాట కలపాలనిపించదు చాలామందికి. పదిమంది ఊరికే వెళ్లిపోతే మీకు తెలియను కూడా తెలియదు.

ఫేస్‌బుక్‌లో మిమ్మల్ని చూసేది ఎక్కువగా ఎవరో గుర్తు చేసుకోండి: బంధువులు, ఊరివాళ్లు, పాత సహోద్యోగులు, వంటల గ్రూపుల్లో ఉండే గృహిణులు. వాళ్లకు మీరు కొత్తవారు కాదు, మీ నూనే కొత్తది. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'ఎంత?', రెండోది 'ఎక్కడ తీసుకోవాలి?'. ఆ వరుసలోనే చెప్పండి:

> కట్టె గానుగ వేరుశనగ నూనె, లీటరు రూ.420. ఈ నెల 15 నుంచి అమ్మకానికి. నెలాఖరులోపు ఆర్డర్లకు రవాణా ఉచితం.
>
> లీటరుకు రెండున్నర కిలోల పప్పు పట్టింది, కాయలు కదిరి రైతుల దగ్గర కొన్నవి. అడుగున కొద్దిగా మడ్డి కనిపిస్తుంది. తేర్చిన నూనెలో అది మామూలే. సీసాను కదపకుండా ఉంచి పైతేట వంచుకోండి.
>
> ఊళ్లో ఉన్నవారు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు గానుగ దగ్గరికే వచ్చి తీసుకోవచ్చు. మిగతావారికి లింకు ఇదిగో.

వేళలు నేను ఊహించి వేసినవి, మీవి వేసుకోండి. ఇక్కడ లింకు గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఫేస్‌బుక్ క్యాప్షన్ పొడవును సగం అదే నిర్ణయిస్తుంది. ఫొటో లేకుండా లింకు పెట్టినప్పుడు ఫేస్‌బుక్ మీ వెబ్‌సైటులోని బొమ్మ, శీర్షికతో ఒక చిన్న పెట్టె చూపిస్తుంది. ఆ శీర్షిక వెబ్‌పేజీలో రాసి ఉన్న ఈ వరుస నుంచి వస్తుంది:

```
<meta property="og:title"
 content="కట్టె గానుగ వేరుశనగ నూనె, లీటరు రూ.420">
```

చాలా చిన్న సంస్థల పేజీల్లో ఇక్కడ 'హోమ్' అనో, సంస్థ పేరో ఉండిపోతుంది. పెద్ద అక్షరాల్లో కనిపించే చోటు అలా వృథా అవుతుంది. మీ వెబ్‌సైటు చేసినవారితో దీన్ని మార్పించండి. శీర్షికలో పేరు, ధర వచ్చేస్తే క్యాప్షన్‌లో మొదటి వాక్యం తీసేసి నేరుగా తేదీతో మొదలుపెట్టవచ్చు. మార్చాక కూడా పాత శీర్షికే కనిపిస్తే కంగారుపడకండి. ఫేస్‌బుక్ పాతదాన్ని దాచుకుని ఉంటుంది. వాళ్ల షేరింగ్ డీబగ్గర్ పేజీలో మీ లింకు వేసి మళ్లీ చదివించే మీట నొక్కితే కొత్తది వస్తుంది. లింక్డ్‌ఇన్‌కు కూడా ఇలాంటిదే పోస్ట్ ఇన్‌స్పెక్టర్ అని ఉంది. ఇది విడుదలకు ముందు రోజే చేసి పెట్టుకోండి, 15 ఉదయం కాదు.

లింక్డ్‌ఇన్‌లోనే అసలు ఆలోచించాల్సింది ఉంది. మిగతా మూడింటిలో చదివేవాడు నూనె కొనేవాడు. లింక్డ్‌ఇన్‌లో లీటరు నూనె కోసం తిరిగేవారు అరుదు. అక్కడ మీకు ఉపయోగపడేవాళ్లు దుకాణదారులు, పంపిణీదారులు, ఆహార వ్యాపారంలో ఉన్నవాళ్లు. వాళ్లకు మీ సీసా చూడగానే వచ్చే సందేహం: రిఫైన్డ్ నూనె పక్కన ఇంత ధర పెట్టి ఇది ఎలా అమ్ముడవుతుంది? కాబట్టి అదే నిజాల జాబితాలోంచి ధరను, రెండున్నర కిలోలను బయటికి లాగి, ఆ రెండింటి మధ్య లెక్క విప్పి చెప్పండి. పొడవు పెరగాల్సింది ఇక్కడే, ఎందుకంటే లెక్కకు చోటు కావాలి:

> మా వేరుశనగ నూనె లీటరు రూ.420. దుకాణంలో పక్కనే ఉండే రిఫైన్డ్ నూనె కంటే ఇది చాలా ఎక్కువ. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో లెక్క చెబుతాను.
>
> లీటరు నూనె బరువు దాదాపు 910 గ్రాములు. దానికి మాకు రెండున్నర కిలోల పప్పు పడుతోంది, అంటే సుమారు మూడున్నర కిలోల కాయలు. కట్టె గానుగ నెమ్మదిగా తిరుగుతుంది, గింజలో ఉన్న నూనెనంతా పిండలేదు. కొంత చెక్కలోనే ఉండిపోతుంది. ద్రావకంతో నూనె తీసే కర్మాగారం ఆ మిగులును కూడా రాబట్టుకుంటుంది. మేము చెక్కను పశువుల దాణాకు అమ్ముతాం కానీ, దానితో తేడా అంతా పూడదు.
>
> కాయలు కదిరి రైతుల దగ్గర కొన్నాం. వేరే నూనె కలపలేదు, రిఫైన్ చేయలేదు. ఫిల్టరు పెట్టకుండా తేర్చి సీసాల్లో నింపుతున్నాం.
>
> ఈ నెల 15 నుంచి అమ్మకానికి. స్థానిక ఆహార ఉత్పత్తులు అమ్మే దుకాణదారులు నమూనా సీసా కావాలంటే నాకు ఇక్కడే సందేశం పంపండి.

మొదటి పేరా 131. ఫోనులో మడత 140 దగ్గర అనుకుంటే, 'లెక్క చెబుతాను' దాకా కనిపిస్తుంది. వ్యాపారం తెలిసినవాడు 'మోర్' నొక్కడానికి ఆ మాట చాలు. మూడు వాక్యాలనూ ఒకే పేరాలో ఎందుకు పెట్టానంటే, లింక్డ్‌ఇన్ మడత వరుసల లెక్కన పడుతుంది, ఖాళీ వరుస కూడా ఒక వరుసే. వాక్యానికో ఖాళీ వరుస వదిలే అలవాటు ఈ మధ్య బాగా పాకింది. అలా చేస్తే ధర చెప్పిన మొదటి వాక్యం ఒక్కటి, రెండో వాక్యంలో ముక్క మాత్రమే కనిపిస్తాయి.

గమనించారా, రవాణా ఉచితం అన్న మాట ఇందులో లేదు. దుకాణదారుకు అది అక్కరలేదు. ప్రతి నిజాన్నీ నాలుగు చోట్లా పెట్టాల్సిన పని లేదు. పెట్టిన చోట మాత్రం ఒకే మాటల్లో ఉండాలి. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే క్యాప్షన్లు కుదించేటప్పుడు డబ్బు నష్టం జరిగేది ఇక్కడే.

మీ అసలు ప్రకటనలో "నెలాఖరు వరకు రవాణా ఉచితం" అని ఉంది. నెలాఖరు వరకు ఆర్డర్ చేసినవారికా, నెలాఖరులోపు సరుకు చేరేవారికా? 30వ తేదీ రాత్రి ఆర్డర్ పెట్టినవాడు ఒక అర్థం తీసుకుంటాడు, మీరు ఇంకో అర్థంలో ఉంటారు. అందుకే 'ఆర్డర్లకు' అన్న మాట చేర్చాను. దానికి అయిన ఖర్చు, ముందున్న ఖాళీతో కలిపి, పది అక్షరాలు. ఇంతకంటే పెద్ద ప్రమాదం, కుదించేవారు 'నెలాఖరులోపు' అన్నదాన్ని మొత్తంగా ఎగరగొట్టి 'రవాణా ఉచితం' అని మాత్రం ఉంచేయడం. అప్పుడది గడువు లేని వాగ్దానం అయిపోతుంది. పోస్టు స్క్రీన్‌షాట్ తీసి రెండు నెలల తర్వాత చూపిస్తే మీ దగ్గర జవాబు ఉండదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల్లో 'ఉచితం' అన్న మాట మీద విడిగా నిబంధనలు ఉన్నాయి కూడా. ఉపాయం చిన్నదే: ఆఫరును, దాని షరతును ఒకే వాక్యంలో, వీలైతే షరతు ముందు వచ్చేలా రాయండి. 'నెలాఖరులోపు ఆర్డర్లకు రవాణా ఉచితం' అన్న వాక్యాన్ని మధ్యలో తెంపితే ఆఫరే పోతుంది, షరతు ఒంటరిగా రాలిపోదు.

ఇలా ఉండాలంటే నాలుగు క్యాప్షన్లనూ ఒకే షీటులో పక్కపక్కన ఉంచండి. ధర, తేదీ, షరతు ఉన్న మాటలను ఒక్కసారి రాసి అన్నింటిలోకీ అతికించండి, మళ్లీ మళ్లీ టైపు చేయవద్దు. చివరి నిమిషంలో ధర 420 నుంచి 410కి మారితే నాలుగు గడులూ కళ్ల ముందు ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, లింక్డ్‌ఇన్‌లలో పెట్టాక కూడా దిద్దుకోవచ్చు. ఎక్స్‌లో ఉచిత ఖాతాకు ఆ సౌకర్యం లేదు. తీసేసి మళ్లీ పెట్టాల్సిందే, ఈలోపు వచ్చిన లైకులు, జవాబులు పోతాయి. కాబట్టి ముందు రాసేది ఎక్స్ అయినా, ముందు పెట్టేది అది కాకూడదు. ఫేస్‌బుక్‌లో పెట్టి ఓ అరగంట చూసి, ఎవరూ తప్పు పట్టలేదని తేలాక ఎక్స్‌లో పెట్టండి.

మెటా బిజినెస్ సూట్ నుంచి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లకు ఒకేసారి పోస్టు చేసేవారు తరచూ ఒక చోట దొరికిపోతారు. ఒకే పెట్టెలో రాస్తే అదే పాఠం రెండింటికీ పోతుంది. "ఆర్డర్ లింకు మా ప్రొఫైల్‌లో ఉంది" అన్న వాక్యం ఫేస్‌బుక్‌లోకి కూడా వెళ్లి కూర్చుంటుంది. అక్కడ పాఠకుడు నొక్కగల లింకు పోస్టులోనే పెట్టవచ్చు, ప్రొఫైల్‌కు వెళ్లమనడం ఎందుకు? రెండింటికీ వేరువేరుగా రాసుకునే మీట ఆ పెట్టె దగ్గరే ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను ట్యాగ్ చేస్తూ రాసిన పేరు లింక్డ్‌ఇన్‌లో, ఎక్స్‌లో అతికిస్తే అదే మనిషికి చేరదు. అక్కడ అదే పేరుతో ఇంకెవరైనా ఉంటే వాళ్లకు పోతుంది. క్యాప్షన్ అతికించిన ప్రతిచోటా పేర్లు మళ్లీ ఎంచుకోవాలి.

మీరు అడగకపోయినా ఇంగ్లీషు గురించి కూడా చెప్పేస్తాను, లింక్డ్‌ఇన్ దగ్గర ఈ ఆలోచన తప్పకుండా వస్తుంది. బెంగళూరు, చెన్నై దుకాణదారులు కూడా చదవాలని ఒకే పోస్టులో పైన తెలుగు, కింద ఇంగ్లీషు పెట్టేవారున్నారు. కింద ఉన్న భాష మొత్తం మడత లోపలే ఉంటుంది, ఎవరి కోసం రాశారో వాళ్లకు అది కనబడదు. రెండు కావాలంటే రెండు పోస్టులు పెట్టండి, ఒకటి రెండు రోజుల ఎడం ఉంచండి.

పెట్టాక సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి మీ ఖాతా పనికిరాదు. ఇంట్లో ఇంకొకరి ఫోను తీసుకుని, వాళ్ల ఖాతాలోంచి ఫీడ్‌లో ఎలా కనిపిస్తుందో చూడండి. పాత, చిన్న తెర ఫోను అయితే మరీ మంచిది. ఏ మాట దగ్గర మడత పడిందో రాసుకోండి. ఆ తర్వాత వ్యాఖ్యలు చదవండి, లైకుల కంటే అవి ఎక్కువ చెబుతాయి. ఫేస్‌బుక్‌లో ధర రాసి కూడా 'ఎంత?' అని ముగ్గురు అడిగారంటే అది మడత వెనక్కు పోయిందన్నమాట, ముందుకు తెచ్చి దిద్దండి. ఇన్‌స్టాగ్రామ్‌లో 'లింకు ఎక్కడ?' అని వస్తే ప్రొఫైల్‌లో లింకు పెట్టడం మరిచారేమో చూసుకోండి. లింక్డ్‌ఇన్‌లో 'అభినందనలు' అని మాత్రమే వచ్చి, నమూనా సీసా ఎవరూ అడగకపోతే, చదివింది దుకాణదారులు కాదు, మీ స్నేహితులు. అప్పుడు క్యాప్షన్‌ను ముట్టుకోకుండా, మీకు తెలిసిన నలుగురు దుకాణదారులకు ఆ పోస్టు లింకు నేరుగా పంపండి.